తలుపు దగ్గర నిలిచినవారు
(ఉగాది సభలో కార్యవర్గము తరఫున చేసిన ప్రసంగ పాఠము)



ఉగాది నాడు ఉపన్యాసమనగానే పంచాంగ ఫలితములో, పూర్వుల వైభవమో చెప్పుట వాడుక. ఈ దినము మేము చెప్పదలచినది అంత ఘనమైన విషయము కాదు. మన సభకు మొదటిసారి వచ్చిన కుటుంబము తలుపు దగ్గర నిలిచినప్పుడు మనము ఏమి చేయుచున్నాము, ఏమి చేయవలెను అన్నదే మా విషయము. ఈ సంగతిలో కార్యవర్గము తప్పు చేసినది. ముందు ఆ తప్పు ఒప్పుకొని, తరువాత దానిని ఎట్లు దిద్దుకొన్నామో చెప్పెదము.

రెండేండ్ల క్రిందటి ఉగాదికి గుంటూరు ప్రాంతము నుండి ఒక కుటుంబము మన సభకు వచ్చినది. గుంటూరు మిర్చికి విరుదునగరము బజారుకు ఉన్న సంబంధము మీరెరిగినదే. ఆ వ్యాపారములో లెక్కలు చూచుటకు భర్తగారు విరుదునగరము చేరినారు. భార్య, ఎనిమిదేండ్ల కొడుకు వెంట వచ్చినారు. వారు వెనుక వరుసలో కూర్చున్నారు, పచ్చడి తీసికొన్నారు, పులిహోర తిన్నారు, వెళ్ళిపోయినారు. ఆ సాయంత్రము మేము ఎంతమంది వచ్చినారో లెక్కపెట్టి, సభ నిండినదని సంతోషించినాము. ఆ తరువాత ఏ కార్యక్రమమునకూ వారు రాలేదు. రాలేదన్న సంగతి కూడ మాకు తెలియలేదు.

నాలుగు నెలలకు బజారులో మాలో ఒకరికి ఆ అమ్మగారు ఎదురైనారు. మళ్ళీ రాలేదేమని అడుగగా ఆమె చెప్పిన జవాబు ఇది. “రాకూడదని కాదండి అన్నయ్యగారూ. ఆ రోజు రెండు గంటలపైన కూర్చున్నాం. ముగ్గురు నలుగురు వచ్చి మీదే ఊరు అని అడిగారు. చెప్పేలోగానే వాళ్ళని ఇంకెవరో పిలిచారు. అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్ళే. మా వాడు, అమ్మా, ఇక్కడ కూడా మనం కొత్తవాళ్ళమేనా అన్నాడు. ఆ మాటతో మనసు విరిగిందండి.”

అదే యేడు కోవిల్‌పట్టి దగ్గర ఒక పల్లె నుండి మరొక కుటుంబము వచ్చినది. వారు ఆంధ్ర దేశము నుండి వచ్చినవారు కారు. వారి పూర్వులు ఈ నల్లరేగడి నేలకు వచ్చి కొన్ని వందల యేండ్లయినది. ఇంట్లో తెలుగే మాట్లాడుదురు. చదువుట, వ్రాయుట మాత్రము తమిళము. ఆ ఇంటి కోడలు పక్కవారిని “రాండి, ఈడ కూర్చోండి” అని పిలిచి, “మేము పొద్దున్నే వస్తిమి” అన్నది. వెనుక కూర్చున్న పిల్లలు కిసుక్కున నవ్వినారు. పెద్దలలో ఒకరు, “ఇదేం తెలుగమ్మా!” అని చమత్కరించినారు. వారికి చెడ్డ ఉద్దేశము లేదు. కాని ఆమె ఆ సభలో మరి నోరు తెరవలేదు. తరువాత మా ఇంటి ఆడవారితో ఆమె అన్న మాట: “మేము ఇంట్లో మాట్లాడేది తెలుగేనని ఇన్నాళ్ళూ అనుకొంటిమి అక్కా. ఆడికి వస్తే అది తెలుగు కాదనిరి.”

ఈ రెండు కుటుంబముల సంగతి తెలిసిన తరువాత కార్యవర్గము ఒక సాయంత్రము దీని కొఱకే కూర్చున్నది. మేము మొదట గ్రహించినదేమనగా, మన దగ్గరకు వచ్చు క్రొత్తవారు రెండు రకములు. ఉద్యోగము మీదనో, వ్యాపారము మీదనో ఆంధ్ర, తెలంగాణముల నుండి వచ్చినవారు ఒక రకము. వారికి తెలుగు అక్షరము వచ్చును, ఈ ఊరు తెలియదు. ఈ నేల మీదనే పుట్టి, తెలుగు వినవలెనని వచ్చువారు రెండవ రకము. వారికి ఊరు తెలియును, తమిళము వచ్చును, తెలుగు అక్షరము రాదు. మేము అందఱకు ఒకటే స్వాగతము చెప్పుచు వచ్చినాము. అది ఇద్దరికీ సరిపోలేదు.

రెండవ రకమువారి సంగతి కొంచెము చెప్పవలెను. మనలో చాలమందికి అది తెలియదు. విజయనగర ప్రభువుల కాలమునను, తరువాత మధుర నాయకుల కాలమునను తెలుగు కుటుంబములు దక్షిణమునకు వచ్చి ఈ ప్రాంతములలో నిలిచిపోయినవి. కోవిల్‌పట్టి పక్కనే ఇడైసేవల్ అను పల్లెలో పుట్టిన కి. రాజనారాయణన్ గారు తెలుగు మాతృభాషగా గలవారు. తమిళములో గొప్ప రచయిత. ఆయన 1976లో ప్రకటించిన ‘గోపల్ల గ్రామం’ నవల ఆ వలస కథయే. ప్రాణభయముతో ఊరు విడిచి దక్షిణమునకు నడచి వచ్చినవారు అడవి కొట్టి పొలము చేసికొని ఊరు కట్టుకొనుట అందులోని కథ. దాని తరువాతి భాగమైన ‘గోపల్లపురత్తు మక్కళ్’ నవలకు 1991లో సాహిత్య అకాడెమీ బహుమానము వచ్చినది. ఆయన 2021లో కాలము చేసినారు. తెలుగువారు ఈ నేలకు క్రొత్తగా వచ్చిన కథను తమిళులందఱు చదివినారు. మన సభలో మాత్రము ఆ కథలోనివారి మనుమరాలిని చూచి నవ్వినాము.

ఆమె అన్న “వస్తిమి” తప్పు మాట కాదు. మన పాత పుస్తకములలో “వచ్చితిమి” అని ఉన్నదానికి అది చుట్టము. రాయలసీమలో నేటికిని “వస్తిమి, పోతిమి” అనువారు ఉన్నారు. “అంగడి” అన్నా అంతే. మనము దుకాణము, షాపు అని మార్చుకొన్నాము, ఆమె మార్చుకొనలేదు. కనుక కార్యవర్గము మొదట పెట్టుకొన్న నియమము ఇది: సభలో ఎవరి తెలుగును ఎవరును దిద్దరాదు. పిల్లలు నవ్విన యెడల ఆ పిల్లల పెద్దవారే అక్కడికక్కడ ఆ మాటకు అర్థము చెప్పవలెను. దిద్దవలెనని ఎవరికైన మనసు పుట్టినచో, ముందుగా తమ తమిళమును ఒకసారి తలచుకొనవలెను.

ఇక మేము చేసిన ఏర్పాటు చెప్పెదము. ఇది మూడు భాగములు.

మొదటిది తలుపు దగ్గరి మనిషి. ప్రతి సభకు ఒకరిని ఆ పని మీదనే ఉంచినాము. వారికి ఆ దినము మరి యే పనియు లేదు. వంట చూడరాదు, మైకు చూడరాదు, వేదిక ఎక్కరాదు. క్రొత్తవారు వచ్చినచో వారి పక్కన కూర్చుండి, “మీదే ఊరు” అని కాక, “ఈ ఊరికి వచ్చి ఎన్నాళ్ళయినది, ఇల్లు కుదిరినదా, పిల్లలు ఏ బడి” అని అడుగవలెను. ఊరి పేరు అడిగినచో దాని వెనుక కులము, బంధుత్వము వెదకుట మన అలవాటు. అట్లు వెదకబడుచున్నామని క్రొత్తవారికి వెంటనే తెలియును. ఇల్లు, బడి అడిగినచో మాట ముందుకు సాగును. ఆ తరువాత వారిని అందఱికి పరిచయము చేయరాదు. ఇరువది పేర్లు ఒక గంటలో చెప్పినచో ఒక్కటియు గుర్తుండదు. రెండు కుటుంబములకు మాత్రము పరిచయము చేయవలెను: ఒకటి ఆ వీధికి దగ్గరగా ఉన్నది, ఒకటి అదే వయసు పిల్లలు గలది. సభ్యత్వపు చందా మాట మొదటి దినము ఎత్తరాదు. చందా పుస్తకము తెరచి స్వాగతము చెప్పినచో, వినువారికి చందాయే వినబడును.

రెండవది ఒక్క కాగితము. మునుపు మేము క్రొత్తవారికి సంఘ నియమావళి, పాత సంచికలు ఇచ్చుచుంటిమి. అవి ఎవరు చదువుదురు? సామాను విప్పుకొనని ఇంటికి కావలసినది మొదటి వారము గడచు దారి. అందుచేత ఒక్క కాగితము, రెండు వైపులు అని నిర్ణయించినాము. క్రొత్తవారు మమ్ములను అడిగిన ప్రశ్నలనే అందులో వ్రాసినాము. మాకు ముఖ్యమని తోచినవి వ్రాయలేదు.

అందులో మొదటి మాట నీళ్ళ గురించి. ఈ వైపున “నల్ల తణ్ణి” అన్నచో మంచినీళ్ళు. తెలుగు చెవికి నల్లని నీళ్ళన్నట్లు వినబడి ఒక ఇల్లాలు ఆ కుళాయి వద్దని చెప్పినదట! ఉప్పు నీళ్ళు వేరు, తాగు నీళ్ళు వేరు. ఏ వీధికి ఏ దినము తాగు నీరు వచ్చునో పక్కింటివారిని మొదటి దినముననే అడుగవలెనని వ్రాసినాము.

రెండవ మాట “అవసరము”. తెలుగులో అక్కర అని అర్థము, తమిళములో తొందర. గ్యాసు సిలిండరు ఇచ్చునతడు తలుపు తట్టినప్పుడు మనము “అవసరం లేదు” అన్నట్లుగా “అవసరం ఇల్లె” అన్నచో, తొందర లేదు, తరువాత తెమ్మన్నట్లు అతడు వినును. మళ్ళీ వచ్చును, మళ్ళీ అదే మాట, చివరకు ఇద్దరికిని కోపము. అక్కరలేదన్నచో “వేండాం” అనవలెను. ఇట్టి మాటలు నాలుగే వ్రాసినాము. నలుబది వ్రాసినచో అది నిఘంటువగును.

మూడవ మాట వంటింటిది. విరుదునగరము పప్పుల బజారు. కాని పేరు తెలియక కందిపప్పు కొఱకు పోయి శనగపప్పుతో వచ్చినవారు గలరు. తువరం పరుప్పు అనగా కందిపప్పు, ఉళుందం పరుప్పు మినపప్పు, పాసి పరుప్పు పెసరపప్పు, కడలై పరుప్పు శనగపప్పు. పచ్చరిసి అనగా మనము తిను పచ్చిబియ్యము, పుళుంగల్ అరిసి ఉప్పుడు బియ్యము. గోంగూరను పుళిచ్చ కీరై అని అడుగవలెను. ఈ ఒక్క పంక్తి కొఱకు ఆ కాగితమును వంటింటి గోడకు అంటించినామని ముగ్గురు ఇల్లాండ్రు చెప్పినారు.

వెనుక వైపున బడి సంగతి. తమిళనాడులో 2006లో చేసిన చట్టము ప్రకారము ఒకటవ తరగతి మొదలుకొని తమిళము నేర్పవలెను. నడుమ తరగతిలో వచ్చి చేరిన పిల్లవానికి ఇది పెద్ద కష్టము. కనుక చేర్చునప్పుడే తమిళము సంగతి ఏమి, ఏ పరీక్షలో ఎట్లు అన్నది బడివారిని అడిగి తెలిసికొనవలెను. సంవత్సరము చివర అడిగిన ప్రయోజనము లేదు. దాని క్రింద ఇంటి అద్దె అడ్వాన్సుకు చీటీ వ్రాయించుకొనవలెనన్న మాట. అన్నిటికన్న క్రింద, రెండు ఫోను నెంబర్లు. రెండే. పది నెంబర్లు ఇచ్చినచో ఎవరిని అడుగవలెనో తెలియక ఎవరినీ అడుగరు.

పల్లెల నుండి వచ్చు మన దక్షిణాది తెలుగువారికి ఈ కాగితము పనికిరాదు. నీళ్ళు, పప్పులు వారు మనకు చెప్పగలరు. వారికి వేరే కాగితము చేసినాము. ఒక వైపున తెలుగు అక్షరములు, వాటి పక్కన తమిళ అక్షరములలో ఉచ్చారణ. క, గ, ఖ, ఘ నాలుగింటికి తమిళములో ఒక్క అక్షరమే గనుక చదువుటకు మొదలుపెట్టినవారు తికమక పడుచోటు అదే. అందుచేత మొదట ఖ, ఘ, ఛ, ఝ వంటి ఒత్తక్షరములను విడిచి, క-గ, చ-జ, ట-డ, త-ద, ప-బ జంటలను ముందు పెట్టినాము. రెండవ వైపున వారు ప్రతిదినము పలుకు మాటలే: అమ్మ, అంగడి, పొలము, ఎద్దు, జొన్న, పత్తి. తెలిసిన మాటను తెలియని అక్షరములలో చూచినచో త్వరగా పట్టుబడును. తెలియని మాటను తెలియని అక్షరములలో చూపినచో రెండవ దినము మానివేయుదురు.

మూడవది తోడిల్లు. ఒక క్రొత్త కుటుంబమునకు ఒక పాత కుటుంబము, మూడు నెలలు. మొదటి వారములో ఒకసారి ఇంటికి పోవలెను. నెలలో ఒకసారి తమ ఇంటికి పిలువవలెను. తరువాతి సభకు వెంట తీసికొని రావలెను. అంతకు మించి చేయనక్కరలేదు. ఒక తోడిల్లు ఒకే సమయమున ఒక కుటుంబమునే చూడవలెను. ఉత్సాహముతో నాలుగు కుటుంబములను ఒప్పుకొన్నవారు నాలుగింటినీ మరచినారు. మొదటి రాకలోనే చేయవలసిన పని ఒకటి కలదు: క్రొత్తవారిని వారి ఎదురింటి తమిళ ఇల్లాలికి పరిచయము చేయుట. అర్ధరాత్రి బిడ్డకు జ్వరము వచ్చినచో ముందు తలుపు తట్టునది ఎదురింటిదే గాని, మూడు మైళ్ళ దూరపు తెలుగిల్లు కాదు. మన సంఘము క్రొత్తవారికి ఊరిలోనికి తలుపు కావలెను, ఊరికి అడ్డుగోడ కారాదు.

తోడిల్లు ఎవరిని పెట్టవలెనన్నదే అసలు ప్రశ్న. మొదట మేము గుంటూరువారికి గుంటూరువారిని, పల్లెవారికి పల్లెవారిని అనుకొన్నాము. అది సులువుగా తోచినది. కాని కార్యవర్గములోని ఒక అమ్మగారు, “ఆమెకు ఊరు తెలుసు, ఈమెకు అక్షరం తెలుసు, ఇద్దరినీ కలపరేమండి?” అన్నారు. ఆ మాట మాకెవ్వరికీ తట్టలేదు.

ముందు ఇద్దరినీ తిరిగి తీసికొని రావలెను గదా. మేము నలుగురము కోవిల్‌పట్టి దగ్గరి ఆ పల్లెకు పోయినాము. ఆ కోడలితోను, అత్తగారితోను, జరిగినది తప్పని చెప్పినాము. అత్తగారు చాలసేపు మాట్లాడలేదు. తరువాత, “అన్నము తిని పోండి” అన్నది. సద్ద సంకటి, మినుముల పచ్చడి పెట్టినారు. ఆ దినము సభ మాట ఎత్తలేదు. పదిహేను దినములకు విరుదునగరము అమ్మగారిని వెంటబెట్టుకొని మళ్ళీ పోయినాము.

తరువాత జరిగినది కొంచెములో చెప్పెదము. పల్లె కోడలు బజారు పని మీద విరుదునగరము వచ్చినప్పుడెల్ల ఈమె ఇంటికి పోవుచు, పప్పు అంగడి, నీళ్ళ వేళలు, పిల్లవాని తమిళ వాచకము చూచినది. ఈమె ఆమెకు అక్షరముల కాగితము దగ్గర పెట్టుకొని చదువు చెప్పినది. మొదటి నెలలో రెండుసార్లు రాకపోకలు తప్పినవి. ఏబది కిలోమీటర్ల దూరము, నడుమ సాత్తూరు, బస్సు ఖర్చు, పొలము పని. అందుచేత ప్రతి వారము అన్న నియమము తీసివేసి, కుదిరినప్పుడు అని పెట్టినాము. నియమము సడలిన తరువాతనే రాకపోకలు నిలిచినవి. పోయిన దీపావళి సభలో పిల్లలకు ఆట పెట్టుచు ఆమె “రాండి, రాండి” అని పిలువగా, గుంటూరు పిల్లవాడే ముందు పరుగెత్తినాడు.

ఇందులో మరొక సంగతి గలదు. క్రొత్తవారిని ఎంతకాలము అతిథులుగా కూర్చుండబెట్టుదుమో, అంతకాలము వారు అతిథులే. రెండవ సభలోనే వారికొక చిన్న పని ఇయ్యవలెను: వేపపూవు శుభ్రము చేయుట, పిల్లల పేర్లు వ్రాయుట, చెప్పులు ఒక వరుసను పెట్టించుట వంటిది. అరగంటలో ముగియవలెను, పక్కన ఒక పాతవారు కూడ ఉండవలెను. ఒకసారి క్రొత్తగా వచ్చిన ఒకాయనకు, చదువుకొన్నవారు గదాయని, ఏకముగా కోశాధికారి పదవి ఇచ్చినాము. ఆయన మొగమాటముతో ఒప్పుకొని, మూడు నెలలు నలిగి, రాజీనామా పంపినారు. తరువాత సభకు కూడ రాలేదు. పెద్ద పదవి గౌరవమని మేము అనుకొన్నాము, ఆయనకది బరువైనది.

ఇదంతయు పని చేయుచున్నదో లేదో తెలియుటెట్లు? సభకు వచ్చినవారి తలలు లెక్కించిన తెలియదు. ఒక పుస్తకములో క్రొత్త కుటుంబము మొదటిసారి వచ్చిన తేదీ, రెండవసారి, మూడవసారి వచ్చిన తేదీలు వ్రాయుచున్నాము. మొదటిసారి పండుగ తీసికొని వచ్చును, రెండవసారి తోడిల్లు తీసికొని వచ్చును. మూడవసారి వారంతట వారు వచ్చిరా లేదా అన్నదే గుర్తు. రెండవ గడి ఖాళీగా ఉన్నచో పోయి పలకరించవలెను. రెండుసార్లు పలకరించిన తరువాతను రానిచో విడిచిపెట్టవలెను. అందఱికిని సంఘము కావలెనని లేదు. మర్యాదగా దూరముండు హక్కు వారిది. ఇంకొక గుర్తు, క్రొత్తవారు ప్రశ్నలు అడుగుట. అడిగిన ప్రశ్ననే మళ్ళీ అడిగినప్పుడు పాతవారు నిట్టూర్చినచో, ఆ నిట్టూర్పు వినినవారు మూడవ ప్రశ్న అడుగరు. వందవసారి చెప్పుచున్నది మనము. వినుచున్నవారికి అది మొదటిసారి.

చేయలేనివి కూడ చెప్పవలెను. మన సంఘము ఉద్యోగము ఇప్పింపలేదు, అప్పు ఇయ్యలేదు, ఇంటివారితో తగవు తీర్పలేదు. ఈ మాట మొదటి నెలలోనే మెల్లగా చెప్పినచో ఎవరికిని ఆశాభంగము ఉండదు. చెప్పక దాచి, అడిగిన దినము తల తిప్పుకొన్నచో, ఎంత స్వాగతము చేసినను వ్యర్థము.

ఈ యేటి కాగితము తలుపు దగ్గరి బల్ల మీద ఉన్నది. దానిని వ్రాసినవారు కార్యవర్గమువారు కారు. రెండేండ్ల క్రిందట వెనుక వరుసలో కూర్చుండి వెళ్ళిపోయిన ఆ అమ్మగారు. నీళ్ళ పంక్తి, బడి పంక్తి ఆమె మార్చి వ్రాసినారు; తమకు ఏది తెలియక కష్టపడినారో అది చేర్చినారు. అక్షరముల కాగితములోని మాటలు ఈసారి పల్లె కోడలు ఎంచినవి. “వస్తిమి” అన్న మాట అందులో మొదటి పంక్తిలో ఉన్నది.

ఈ సభలో నేడు మొదటిసారి వచ్చినవారు ఆరు కుటుంబములు ఉన్నట్లు తలుపు దగ్గరివారు మాకు చీటీ పంపినారు. వారిని లేచి నిలువుమని మేము కోరము. మొదటి దినము అందఱి యెదుట లేచి నిలుచుట ఎవరికిని ఇష్టము కాదు. మీ పక్కనున్నది ఎవరో ఒక్కసారి చూడుడు. తెలియనివారైనచో ఇల్లు కుదిరినదా యని అడుగుడు. అడిగి, జవాబు పూర్తి అయ్యెడి వరకు అక్కడనే కూర్చుండుడు. ఎవరు పిలిచినను లేవవలదు. పులిహోర అందఱికి సరిపడ ఉన్నది.